స్లాబ్ పడ్డాక మొదలయ్యే ఖర్చు: మా వృద్ధాశ్రమం లెక్క

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన ఏడు ఇదే సమావేశంలో చాలామంది మమ్మల్ని ఒకటే అడిగారు. "అన్నా, బిల్డింగ్ కట్టేశారు కదా, ఇంకా పైసలు ఎందుకు?" అని. ఆ రోజు మేము సరిగా జవాబు చెప్పలేకపోయాం. ఎందుకంటే మా దగ్గరే పూర్తి లెక్క లేదు. ఈసారి లెక్కతో వచ్చాం. జగిత్యాల జిల్లాలో మా ఊళ్ల మధ్య నడుస్తున్న వృద్ధాశ్రమానికి నెలకు ఎంత అవుతుంది, ఎందుకు అవుతుంది, ఎక్కడ తప్పు చేశాం, ఇప్పుడు ఎంత తక్కువ పడుతోంది, ఇవన్నీ దాచకుండా చెప్తాం.

ముందుగా ఒక మాట. మేము ఇక్కడ చెప్పేది లెక్క మాత్రమే. ఈ హాల్లో ఎవరూ మా చేతికి ఒక్క దిర్హమ్ కూడా ఇవ్వొద్దు. ఎందుకో చివర్లో చెప్తాం.

మాలో ఎక్కువమందిమి కట్టుబడి పనివాళ్లం. ఐటీఐ, డిప్లొమా చేసి వచ్చి ఇక్కడ ఫోర్‌మన్లుగా, సూపర్‌వైజర్లుగా చేస్తున్నవాళ్లం. కాబట్టి బిల్డింగ్ అంటే మాకు భయం లేదు. ఎన్ని బస్తాల సిమెంటు, ఎన్ని టన్నుల స్టీలు, ఎన్ని మస్టర్లు అన్నది చూడకుండానే చెప్తాం. 24 మంచాలకు సరిపడా ఇల్లు అనుకున్న టైంలోనే అయిపోయింది. వీల్‌చైర్ పోవడానికి ర్యాంపు పెట్టాం, తలుపులు వెడల్పుగా పెట్టాం. స్లాబ్ పడ్డ రోజు అందరం ఫోన్‌లో చూసి సంబరపడ్డాం.

ఆ తర్వాత నడిపే ఖర్చు అని ఒక తెల్ల కాగితం మీద రాశాం. వంటమనిషి ఒకరు, నర్సమ్మ ఒకరు, వాచ్‌మన్ ఒకరు, మేనేజర్ ఒకరు. షిఫ్టులు మూడు కాబట్టి ఆయాలు ముగ్గురు. బియ్యం, పప్పు, కరెంటు. కింద గీత గీసి కూడాం. సరిపోతుంది అనుకున్నాం.

అక్కడే మా మొదటి తప్పు జరిగింది. అది బయటపడిన తీరు చెప్తే గానీ మిగతా లెక్క మీకు అర్థం కాదు.

ఆశ్రమం తెరిచిన ఎనిమిదో నెల. రాత్రి రెండున్నరకు ఒక అవ్వ బాత్రూంకు పోవడానికి లేచింది. నేల తడిగా ఉంది. జారి పడింది. ఆమెను చూసింది ఎప్పుడంటే, పొద్దున ఐదు గంటలకు, చాయ్ పెట్టడానికి వంటామె వచ్చినప్పుడు. తుంటి ఎముక విరిగింది. రెండున్నర గంటలు ఆ చల్లని బండల మీదే ఉంది.

రాత్రి డ్యూటీ ఆయా అక్కడే, హాల్లోనే, కుర్చీలో నిద్రపోతోంది. మాకు ఫోన్ వచ్చినప్పుడు మేమందరం ఆ ఆయా మీద మండిపడ్డాం. పని నుంచి తీసేయండి అన్నాం. అప్పుడు మా మేనేజర్ ఒక మాట అన్నాడు. "సార్, ఆమె నిన్న పొద్దున ఆరు నుంచి డ్యూటీలోనే ఉంది. ఇంకొకామె బిడ్డకు జ్వరమని రాలేదు. మధ్యలో రెండు గంటలు ఇంటికి పోయి మళ్ళీ వచ్చింది." ఆ తర్వాత దవాఖానలో అవ్వను అడిగాం, ఆయాను ఎందుకు లేపలేదని. "పొద్దుగాల నుంచి పని చేసింది బిడ్డా, పాపం పండుకున్నది, ఎందుకు లేపాలె అనుకున్న" అంది.

ఆ మాట విన్నాక మేము టైం షీట్లు తెప్పించుకుని కూర్చున్నాం. సైట్లో మనకు తెలిసిన లెక్కే, ఇంటి దగ్గర మాత్రం మరిచిపోయాం.

చూడండి. ఒక చోట ఒక మనిషి 24 గంటలు ఉండాలంటే రోజుకు మూడు షిఫ్టులు. ఏడాదికి 365 రోజులు. అంటే 1,095 షిఫ్టులు. ఇక ఒక మనిషి ఏడాదిలో ఎన్ని షిఫ్టులు చేయగలదు? 365 రోజుల్లో 52 వారాంతపు సెలవులు తీసేయండి. 15 రోజులు మామూలు సెలవు, జ్వరం, పెళ్ళి, చావు ఇలాంటివి. పండుగలు 8. మొత్తం 75 పోతే 290 మిగులుతాయి. ముగ్గురు ఆయాలు కలిపి 870 షిఫ్టులు చేస్తారు. కావలసింది 1,095. అంటే ఏడాదికి 225 షిఫ్టులకు మనిషే లేదు. అయినా ఆశ్రమం ఒక్క రోజు మూయలేదు కదా! మరి ఆ 225 షిఫ్టులు ఎవరు చేశారు? ఆ ముగ్గురే చేశారు. రెండు రోజులకు ఒకసారి కంటే ఎక్కువగా, ఎవరో ఒకరు డబుల్ డ్యూటీ కొట్టారు. అది కాగితం మీద ఎక్కడా కనబడలేదు, ఎందుకంటే ఓవర్‌టైం కూడా ఇవ్వలేదు. ఇక్కడ మన కంపెనీ ఇట్లా చేస్తే మనం ఏమంటాం? మనమే అక్కడ ఆ పని చేశాం.

కాబట్టి ఎవరైనా ఆశ్రమం పెడతామంటే మొదట చెప్పేది ఇదే. 24 గంటలూ ఒక మనిషి ఉండాలంటే ముగ్గురు చాలరు. 1,095ను 290తో భాగించండి, దాదాపు 3.8 వస్తుంది. నలుగురు అనుకోండి.

రెండో తప్పు, మూడు షిఫ్టులూ ఒకటే అనుకోవడం. మా దగ్గర ఇప్పుడు 22 మంది ఉన్నారు. వాళ్ళలో 14 మంది తమ పని తామే చేసుకుంటారు. ఐదుగురికి స్నానానికి, బట్టలకు ఒక చేయి సాయం కావాలి. ముగ్గురు మంచం మీదే. పొద్దున ఆరు నుంచి పదకొండు వరకు అందరికీ ఒకేసారి పని పడుతుంది. డైపర్లు మార్చడం, ఒళ్ళు తుడవడం, స్నానాలు, టిఫిన్ తినిపించడం, మాత్రలు. ఆ టైంలో ఒక ఆయా 22 మందికి సరిపోదు. సాయంత్రం కూడా అన్నం, మాత్రలు, పడుకోబెట్టడం ఉంటుంది. అందుకని పొద్దున షిఫ్టుకు ఇద్దరు, మధ్యాహ్నం షిఫ్టుకు ఇద్దరు, రాత్రికి ఒకరు అని పెట్టాం. రోజుకు ఐదు షిఫ్టులు, ఏడాదికి 1,825. ఆరుగురు పర్మనెంట్ ఆయాలు 1,740 చేస్తారు. మిగిలిన 85 షిఫ్టులకు ఊళ్లోనే ఉన్న ఒకామెకు పని నేర్పించి పెట్టుకున్నాం. పిలిచిన రోజుకు 500 ఇస్తాం. డబుల్ డ్యూటీ పూర్తిగా బంద్.

రాత్రికి ఒక్కరే చాలా అని కొందరు అడిగారు. ఆమె మేలుకుని ఉంటే చాలు. మంచం మీద ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. లేకపోతే నడుము కింద, మడమల దగ్గర, తుంటి దగ్గర చర్మం ఒత్తుకుపోయి పుండు పడుతుంది. ఒకసారి పుండు లోతుగా పడితే మానడానికి నెలలు పడుతుంది. ఎట్లా తెలుస్తుందంటే, చర్మం ఎర్రగా కనబడిన చోట వేలితో నొక్కి వదలాలి. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే ఇంకా టైం ఉంది. నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. నల్లని ఒంటి మీద ఎరుపు సరిగా కనబడదు, అక్కడ చుట్టుపక్కల కంటే వేడిగా గానీ గట్టిగా గానీ ఉందా అని చేత్తో చూడాలి. ముగ్గురికి రాత్రి పది నుంచి ఆరు దాకా నాలుగేసి సార్లు, అంటే పన్నెండు సార్లు తిప్పాలి. డైపర్ చూసి మార్చడంతో కలిపి ఒక్కోసారికి పది నిమిషాలు. రెండు గంటల పని. మిగతా టైంలో బాత్రూంకు లేచేవాళ్లను చూసుకోవాలి. బరువున్న మనిషిని తిప్పేటప్పుడు వాచ్‌మన్ కూడా ఒక చేయి వేస్తాడు.

తిప్పినప్పుడల్లా టైం రాసి సంతకం పెట్టాలని మంచానికి చార్టు కట్టాం. మేము సెలవు మీద పోయినప్పుడు మొదట చూసేది ఆ చార్టే. సైట్లో క్యూరింగ్ రిజిస్టర్ చూసిన కళ్ళు మనవి. పన్నెండు సంతకాలూ ఒకే వరుసలో, ఒకే ఒరవడిలో ఉంటే అవి రాత్రి పెట్టినవి కావు, పొద్దున ఒకేసారి కూర్చుని పెట్టినవి. అట్లా కనబడితే ఆయాను తిట్టకముందు, ఆ వారం ఆమె ఎన్ని రాత్రులు చేసిందో చూస్తాం.

ఇప్పుడు జీతాలు. ఆయాలు ఆరుగురికి 12,000 చొప్పున 72,000. పిలుపు మీద వచ్చే ఆమెకు సగటున నెలకు 3,500. నర్సమ్మకు 16,000. వంటామెకు, సాయం చేసే ఆమెకు కలిపి 22,000. ఊడ్చి బట్టలు ఉతికే ఆమెకు 10,000. రాత్రి వాచ్‌మన్‌కు 10,000. మేనేజర్‌కు 18,000. మొత్తం 1,51,500. దసరాకు ఒక నెల జీతం బోనస్ ఇస్తాం. దాన్ని పండుగ ముందు వెతుక్కోకుండా నెలనెలా 12,500 పక్కన పెడతాం. అంటే జీతాల కింద నెలకు 1,64,000. మొత్తం ఖర్చులో సగానికి పైగా ఇదే. మనవాళ్లు ఎవరైనా "బియ్యం పంపిస్తాం" అంటారు గానీ "ఆయా జీతం పంపిస్తాం" అనరు. బియ్యం బస్తా మీద పేరు రాసుకోవచ్చు. రాత్రి మేలుకుని ఉన్న ఆయా మీద రాసుకోలేం కదా.

తిండి సంగతికి వస్తే, వండేది 22 మందికి కాదు. డ్యూటీలో ఉన్నవాళ్లూ అక్కడే తింటారు. 28 ప్లేట్లు అనుకోవాలి. ఒక మనిషికి రోజుకు బియ్యం పావు కిలో, పప్పు 60 గ్రాములు, కూరగాయలు పావు కిలో, నూనె 25 గ్రాములు. చాయ్‌కి, పెరుగుకు కలిపి పాలు 300 మిల్లీలీటర్లు. పొద్దున ఇడ్లీయో, ఉప్మాయో, రాగి జావో. వారానికి మూడు గుడ్లు, రోజుకొక అరటిపండు. షుగర్ ఉన్నవాళ్లకు పండు బదులు గుడ్డో మజ్జిగో ఇస్తారు. గ్యాస్, ఉప్పు, కారం, చాయ్‌పత్తా అన్నీ వేసుకుంటే మా ధరల ప్రకారం రోజుకు 80 రూపాయల దగ్గర వస్తుంది. 28 మందికి నెలకు సుమారు 67,000.

ఇందులో ఎక్కువ ఖర్చు బియ్యం మీద అవుతుందని అందరూ అనుకుంటారు. కాదు, పాల మీద. బియ్యానికి 12 రూపాయలు పోతే పాలకు 18 పోతాయి. ఖర్చు తగ్గించాలని వంటింట్లో మొదట నీళ్ళు కలిపేది కూడా పాలల్లోనే, పలుచన చేసేది పప్పునే. పళ్ళు లేని ముసలివాళ్లకు బలం వచ్చేది ఆ రెండింటి నుంచే. అందుకని నెలకొకసారి నర్సమ్మ అందరి బరువు చూసి రాస్తుంది. తిండి లెక్క సరిగా ఉందో లేదో బిల్లుల్లో కంటే ఆ బరువు పుస్తకంలో బాగా తెలుస్తుంది. ఇద్దరు ముగ్గురు ఒకేసారి రెండు కిలోలు తగ్గితే వంటింట్లో ఏదో జరుగుతున్నట్టు. ఒక్కరే తగ్గితే రోగమో, దిగులో, పళ్ళ నొప్పో ఉన్నట్టు.

మందుల ఖర్చులో మేము పూర్తిగా మరిచిపోయింది డైపర్లు. మంచం మీద ఉన్న ముగ్గురికి రోజుకు నాలుగు చొప్పున, రాత్రి మాత్రమే వాడే ఇద్దరికి ఒకటి చొప్పున, మొత్తం రోజుకు 14. ఒకటి 30 రూపాయలు. నెలకు 12,600. మాత్రలన్నిటికీ కలిపి అయ్యేది 10,000. అంటే మాత్రల కంటే డైపర్లకే ఎక్కువ. మాత్రలకు అంత తక్కువ ఎందుకంటే, బీపీ, షుగర్ మాత్రలు చాలామటుకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా వస్తాయి. రానివి జన ఔషధి దుకాణంలో కంపెనీ పేరు లేని జెనరిక్ మందులుగా కొంటాం. కానీ ఉచితం కదా అని దాని మీదే ఆధారపడితే స్టాకు రాని నెల ఉంటుంది. బీపీ మాత్ర నాలుగు రోజులు ఆగితే ఏమవుతుందో తెలుసు. అందుకని ఎప్పుడూ 15 రోజుల మాత్రలు బీరువాలో ఉండాలని నియమం పెట్టుకున్నాం.

డాక్టర్ నెలకు రెండుసార్లు వస్తారు, 4,000. షుగర్ స్ట్రిప్పులు, గ్లౌజులు, దూది, ఫినాయిల్ కలిపి 3,500. దవాఖాన కోసమని నెలకు 10,000 పక్కన పెడతాం. మొత్తం దాదాపు 40,000.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అని అడుగుతారు. ఉంది. ఇప్పుడు తెలంగాణలో 10 లక్షల దాకా పరిమితి పెంచారు. దవాఖానలో చేరి ఆపరేషన్ చేయించుకుంటే అది పనికొస్తుంది. కానీ రోజూ వేసుకునే మాత్రకు, డైపర్‌కు, ఆయాకు అది రాదు. ఇంకొకటి, రేషన్ కార్డు ఊళ్లో కొడుకు దగ్గర ఉంటుంది, మనిషి ఆశ్రమంలో ఉంటుంది. అర్ధరాత్రి కార్డు కోసం ఫోన్లు చేయాల్సి వస్తుంది. అందుకే చేర్చుకునే రోజే ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు ఫైల్లో పెట్టాలి. పడిపోయిన అవ్వకు ఆపరేషన్ అట్లాగే జరిగింది. కానీ దవాఖానలో తొమ్మిది రోజులు పక్కన మనిషి ఉండాలన్నారు. రోజుకు మూడు షిఫ్టులు, 27 షిఫ్టులు. అవి మళ్ళీ ఆయాల దగ్గర నుంచే తీయాల్సి వచ్చింది. పక్కన పెట్టే ఆ 10,000లో ఎక్కువ భాగం ఇట్లాంటి మనుషులకు, బండి కిరాయికే పోతుంది.

కరెంటు, ఇన్వర్టర్ బ్యాటరీలు, మోటారు రిపేర్లు, సబ్బులు, దుప్పట్లు, ఆడిటర్ ఫీజు కలిపి 25,000. ఇప్పుడు మొత్తం చూడండి. ఆ రోజు గోడ మీద చూపించిన పట్టిక ఇది:

జీతాలు, బోనస్: 1,64,000
తిండి: 67,000
మందులు, డైపర్లు, దవాఖాన: 40,000
మిగతా ఖర్చులు: 25,000
నెలకు మొత్తం: 2,96,000

22 మందితో భాగిస్తే మనిషికి 13,450 దగ్గర. మొత్తాన్ని 30తో భాగిస్తే రోజుకు 9,900 దగ్గర. ఈ 9,900 అనే అంకె గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇక ఉంటున్నవాళ్ల నుంచి ఎంత వస్తుంది? తొమ్మిది మందికి పిల్లలు పూర్తిగా కడతారు. నడిచేవాళ్లకు 10,000, మంచం మీద ఉన్నవాళ్లకు 15,000. ఏడుగురు నడిచేవాళ్లు, ఇద్దరు మంచం మీద. అంటే లక్ష. ఆరుగురు సగం, 5,000 చొప్పున 30,000. మిగతా ఏడుగురికి ఎవరూ లేరు, ఉన్నా లేనట్టే. వాళ్లకు వచ్చేది ఆసరా పింఛను 2,016. అందులో వెయ్యి తీసుకుని మిగతాది వాళ్ల చేతిలోనే ఉంచాలని నిర్ణయించాం. మొదట్లో మొత్తం తీసుకునేవాళ్లం. ఒక తాత ఆకువక్క కొనుక్కోవడానికి మేనేజర్‌ను పది రూపాయలు అడగడం చూశాక మానేశాం. పింఛను మనిషే తీసుకోవాలి, మనిషే ఇవ్వాలి, రసీదు ఇవ్వాలి. ఈ ఏడు వేలు కలిపితే 1,37,000.

కానీ రాసుకున్నదంతా రాదు. ఇక్కడ కంపెనీ రెండు నెలలు జీతం ఆపితే అక్కడ అమ్మ ఫీజు ఆగుతుంది. ఆ కొడుకును మేము ఎట్లా అడుగుతాం? మాకూ అదే జరిగింది కదా. అందుకని బడ్జెట్లో పదో వంతు తీసేసి 1,23,000 మాత్రమే రాస్తాం. ఉండి కూడా కట్టనివాళ్ల సంగతి వేరు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గర ట్రైబ్యునల్‌కు పోవచ్చు, ఆ చట్టంలో నెలకు 10,000 దాకా ఇప్పించే వీలుంది. పెద్దమనిషి తరఫున సంస్థ కూడా దరఖాస్తు పెట్టొచ్చు. కానీ ఇప్పటిదాకా ఒక్క తల్లి కూడా దానికి ఒప్పుకోలేదు. "నా కొడుకును కచేరీ ఎక్కిస్తారా?" అంటారు. ఫీజు రాలేదని ఎవరినీ బయటికి పంపలేదు, పంపం. కాబట్టి ఆ లోటును ముందే లెక్కలో రాసుకోవాలి.

2,96,000లో 1,23,000 పోతే 1,73,000 కావాలి. అది చందాల నుంచి, విరాళాల నుంచి రావాలి.

ఇక్కడ ఇందాక చెప్పిన విషయం. గల్ఫ్ దేశాల్లో అనుమతి లేకుండా విరాళాలు వసూలు చేయడం నేరం. యూఏఈలో దీని కోసం 2021లో ప్రత్యేకంగా చట్టమే వచ్చింది. లైసెన్స్ ఉన్న సంస్థలు తప్ప ఎవరూ వసూలు చేయకూడదు. క్యాంపులో రసీదు పుస్తకం తిప్పినా, ఫోన్ గ్రూపులో పైసలు పంపమని పెట్టినా మనమే చిక్కుల్లో పడతాం. అందుకే మా దగ్గర ఇక్కడ వసూలు అనేదే లేదు. ఆశ్రమం ఊళ్లో రిజిస్టర్ అయిన సొసైటీ. మేము ఒక్కొక్కరం దానిలో సభ్యులం. సెలవు మీద పోయినప్పుడు అక్కడే ఫారం నింపి, ఎవరి బ్యాంకు ఖాతా నుంచి వాళ్లు నెలకు వెయ్యి చందా పోయేలా పెట్టుకున్నాం. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత కష్టార్జితం బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. వేరే దేశం పౌరసత్వం తీసుకున్న బంధువులు పంపితే మాత్రం విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ లేకుండా సొసైటీ దాన్ని తీసుకోకూడదు. అమెరికాలో ఉన్న ఒక బాబాయి పంపుతానన్నా మేము వద్దనడానికి కారణం ఇదే.

సభ్యులం 120 మంది. కాగితం మీద 1,20,000. కానీ ఎవరో ఒకరు ఉద్యోగం పోయి ఇంటికి వస్తారు, ఎవరో ఒకరు చెల్లి పెళ్ళిలో ఉంటారు. అందుకని 100 మందిని లెక్కపెట్టి లక్ష రాస్తాం.

రెండోది, ఊళ్లో పుట్టినరోజులకు, తద్దినాలకు జరిగే అన్నదానం. మొదట్లో మధ్యాహ్నం భోజనానికి 3,000 అని బోర్డు పెట్టాం. వారానికి నాలుగు రోజులు పూరీలు, బూందీ లడ్డూలు వచ్చేవి. షుగర్ ఉన్న తొమ్మిది మందికి లెక్కలు తప్పేవి. వంటింట్లో సరుకు మిగిలేది, ఆయాల జీతానికి మాత్రం పైసలు ఉండేవి కావు. పోయిన ఏడు బోర్డు మార్చాం. "ఒక రోజు ఆశ్రమం, 9,900" అని రాశాం. ఆ రోజు అన్నమూ మీదే, ఆయా జీతమూ మీదే, మాత్రలూ మీవే. పేరు బోర్డు మీద పెడతాం, వంట మాత్రం ఆశ్రమం పట్టిక ప్రకారమే. మొదట వచ్చేవాళ్లు తగ్గారు. ఇప్పుడు నెలకు ఐదు రోజులు నిలకడగా వస్తున్నాయి, 49,500. వానాకాలం వడ్లు ఇంటికి వచ్చాక రైతులు ఇచ్చే బియ్యం నెలకు 10,500 విలువ చేస్తుంది. దాన్ని కూడా ఒకేసారి తీసుకోం. పురుగు పడుతుంది. మూడు నెలల సరుకు మించకుండా వంతులవారీగా తెమ్మంటాం.

లక్ష, 49,500, 10,500 కలిపితే 1,60,000. కావలసింది 1,73,000. ఇంకా నెలకు 13,000 తక్కువ. దాన్ని ఇప్పుడు దాచిన పైకం నుంచి తీస్తున్నాం. మూడు నెలల ఖర్చు, అంటే దాదాపు తొమ్మిది లక్షలు నిల్వ ఉండాలి. మా దగ్గర ఉన్నది నాలుగు.

చివరగా, మమ్మల్ని నిద్రపోనివ్వని విషయం. 24 మంచాల్లో రెండు ఖాళీగా ఉన్నాయి. నడిచే మనిషి ఒకరు కొత్తగా వస్తే కొత్త ఆయా అక్కర్లేదు. తిండికి 2,400, మందులు, సబ్బుల వంటివాటికి వెయ్యి, అంటే 3,400 మాత్రమే అదనం. పూర్తి ఫీజు కట్టేవాళ్లు ఇద్దరు వస్తే ఒక్కొక్కరి నుంచి 6,600 మిగులుతుంది. ఇద్దరికి 13,200. మన లోటు 13,000. లెక్క సరిగ్గా సరిపోతుంది. అట్లా కట్టగలిగినవాళ్లు ఇద్దరు దరఖాస్తు కూడా పెట్టారు. మంచం మీద ఉన్నవాళ్లను మాత్రం ఇప్పుడు తీసుకోలేం. నాలుగో మనిషి అట్లా వస్తే రాత్రికి ఇంకో ఆయా కావాలి, ఈ లెక్కంతా మారిపోతుంది.

కానీ మూడో దరఖాస్తు ఒకటి ఉంది. మనతోపాటు షట్టరింగ్ పని చేసి, ఇక్కడే గుండె ఆగి పోయిన ఒక తమ్ముడి తల్లి. పింఛను తప్ప ఏమీ లేదు. ఆమెను తీసుకుంటే 3,400 ఖర్చు, వెయ్యి వస్తుంది. ఒక మంచం ఆమెకు, ఒక మంచం ఫీజు కట్టేవాళ్లకు ఇస్తే లోటు 13,000 నుంచి 6,600 తగ్గి, 2,400 పెరిగి, 8,800 దగ్గర ఆగుతుంది. అంటే నెలకు వెయ్యి కట్టే సభ్యులు కొత్తగా తొమ్మిది మంది. మధ్యలో ఆగేవాళ్లను కూడా చూసుకుంటే పదకొండు మంది.

మా కమిటీలో కొందరు ముందు లోటు పూడ్చి తర్వాత ఆమెను తీసుకుందాం అంటున్నారు. వాళ్లు రాతి గుండెవాళ్లు కాదు. ఆయాలకు జీతం రెండు నెలలు ఆగితే మళ్ళీ డబుల్ డ్యూటీలు, మళ్ళీ ఒక అవ్వ బండల మీద, అని వాళ్ల భయం. ఆ భయం నిజమే. మిగతావాళ్లం నిల్వలో నాలుగు లక్షలు ఉన్నాయి కదా, 8,800 చొప్పున ఒక ఏడాది నడిపితే లక్షకు పైన పోతుంది, అంతలో సభ్యులు పెరగకపోతే అప్పుడు ఆలోచిద్దాం అంటున్నాం. దీన్ని ఇక్కడ తేల్చం. దసరాకు ఊళ్లో సొసైటీ సర్వసభ్య సమావేశం ఉంది. సెలవు మీద వచ్చే సభ్యులు అక్కడికి రండి. టైం షీట్లు, బరువు పుస్తకం, మంచం చార్టులు, బ్యాంకు పాసుబుక్కు అన్నీ బల్ల మీద పెడతాం. చూసి చేయి ఎత్తండి.

పడిపోయిన అవ్వ ఇప్పుడు వాకర్ పట్టుకుని వరండా దాకా నడుస్తోంది. రాత్రి బాత్రూంకు లేస్తే మాత్రం ఆయాను పిలుస్తోంది. మొన్న ఫోన్‌లో అడిగితే, "ఇప్పుడు మెలకువతోనే ఉంటుంది బిడ్డా, పిలిస్తే పలుకుతది" అంది.